మ్యాక్ ఆన్ కాకపోతే: పాత మోడళ్లకు ఒక దారి, కొత్తవాటికి ఇంకో దారి

(వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు ఒక మ్యాక్ రిపేర్ టెక్నీషియన్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది బల్లల మీద మ్యాక్‌లు కనిపిస్తున్నాయి, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. వాటిలో ఏదో ఒకటి ఒక పొద్దున ఆన్ కాదు. అప్పుడు మీరు ఫోన్ తీసి వెతుకుతారు. మొదట వచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: "ఎస్‌ఎంసీ రీసెట్ చెయ్యి, ఎన్‌వీరామ్ రీసెట్ చెయ్యి." వెంటనే నాలుగు కీలు కలిపి నొక్కేస్తారు. అది మీ మెషీన్‌కి పనికొచ్చే సలహానా కాదా అని ఎవరూ చూడరు. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది అదే. ఆ కీలు ఏ చిప్‌తో మాట్లాడతాయి, ఏ మోడల్‌లో మాట్లాడతాయి, ఏ మోడల్‌లో నొక్కితే ఉన్న ఇబ్బంది ఇంకా ముదురుతుంది అన్నది.

ముందు ఒక ప్రశ్న. మెషీన్ నిజంగా ఆన్ కావడం లేదా, లేక ఆన్ అయినా స్క్రీన్ రావడం లేదా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. నా దగ్గరికి "డెడ్ అయిపోయింది సార్" అని తెచ్చిన మెషీన్లలో కొన్ని లోపల చక్కగా నడుస్తూనే ఉంటాయి, డిస్‌ప్లే ఒక్కటే పోయి ఉంటుంది. దీన్ని వేలితో కనుక్కోవచ్చు. 2018 తర్వాత వచ్చిన ఎయిర్ అయినా, ఈమధ్య ప్రో అయినా, ట్రాక్‌ప్యాడ్ మీద గట్టిగా నొక్కి చూడండి. మీకు తెలిసే "క్లిక్" నిజమైన క్లిక్ కాదు. ఆ గాజు పలక కిందికి దిగదు. లోపల ఉన్న చిన్న మోటారు అదిరితే మన వేలికి క్లిక్ అయినట్టు అనిపిస్తుంది, అంతే. మెషీన్ ఆఫ్‌లో ఉంటే ఆ మోటారుకి కరెంటు ఉండదు కాబట్టి ట్రాక్‌ప్యాడ్ రాయిలా ఉంటుంది. స్క్రీన్ నల్లగా ఉండి కూడా వేలికి క్లిక్ తగిలిందంటే మెషీన్ ఆన్‌లోనే ఉంది, వెతకాల్సింది డిస్‌ప్లే వైపు. పాత ఎయిర్‌లలో ట్రాక్‌ప్యాడ్ నిజంగానే కిందికి దిగుతుంది కాబట్టి అక్కడ ఈ పరీక్ష చెల్లదు. వాటిలో క్యాప్స్ లాక్ నొక్కి ఆకుపచ్చ లైటు వస్తుందేమో చూడాలి, చెవి దగ్గర పెట్టుకుని ఫ్యాన్ తిరుగుతుందేమో వినాలి.

ఇక నిజంగానే ఆన్ కావడం లేదనుకుందాం. ఇప్పుడు ఆ రెండు పేర్లు విడదీసి చెబుతాను, ఎందుకంటే వాటిని జనం ఎప్పుడూ జంటగా పలుకుతారు, కానీ రెండింటికీ పొత్తు లేదు.

ఎస్‌ఎంసీ అనేది ఇంటెల్ మ్యాక్‌లలో కరెంటు వ్యవహారం చూసుకునే ఒక చిన్న చిప్. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అనుకోండి. ఇంట్లో వాళ్లందరూ పడుకున్నా అతను మేలుకునే ఉంటాడు. మీరు పవర్ బటన్ నొక్కినప్పుడు ఆ నొక్కు ముందు చేరేది అతని దగ్గరికే. ఛార్జర్ పెట్టారా, బ్యాటరీ ఎంత ఉంది, ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలి, మూత తెరిచారా, ఇవన్నీ అతని లెక్కే. అతను సరే అంటేనే అసలు ప్రాసెసర్‌కి కరెంటు వెళుతుంది. మీరు మెషీన్ షట్‌డౌన్ చేసినా ఈ చిప్ ఆగదు, బ్యాటరీ మీద బతికే ఉంటుంది. అందుకే అది ఎక్కడైనా తప్పుడు లెక్కలో ఇరుక్కుపోతే మామూలు షట్‌డౌన్‌తో, రీస్టార్ట్‌తో ఆ ఇరుకు పోదు. దానికి వేరుగా రీసెట్ పెట్టింది అందుకే.

ఎన్‌వీరామ్ అలా కాదు. అది ఒక చీటీ. కరెంటు పోయినా చెరగని చిన్న మెమరీ. సౌండ్ ఎంత పెట్టుకున్నారు, స్క్రీన్ రిజల్యూషన్ ఏంటి, ఏ డిస్క్ నుంచి స్టార్ట్ కావాలి, టైమ్ జోన్ ఏది, కిందటిసారి సిస్టమ్ క్రాష్ అయితే ఆ వివరం, ఇలాంటివి అందులో రాసి ఉంటాయి. ఆప్షన్, కమాండ్, పీ, ఆర్ ఈ నాలుగు కీలు కలిపి నొక్కితే ఆ చీటీ చెరిగిపోతుంది. అయితే ఆ నాలుగు కీలు నొక్కారని గమనించేది ఎవరు? మెషీన్ ఆన్ అయ్యాక ప్రాసెసర్ మీద నడిచే ఫర్మ్‌వేర్, అంటే మెషీన్‌ని నిద్రలేపే మొదటి ప్రోగ్రాం. అసలు ఆన్ కాని మెషీన్‌లో ఆ ఫర్మ్‌వేర్ నడవదు కదా. నిద్ర లేవని మనిషి ముందు చీటీ మార్చి పెట్టి ఏం లాభం? కాబట్టి ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: పవర్ బటన్ నొక్కితే ఏ చలనమూ లేని మ్యాక్‌కి ఎన్‌వీరామ్ రీసెట్ పనికిరాదు. అది పనికొచ్చేది ఆన్ అయ్యాక దారి తప్పిన మెషీన్‌కి. స్క్రీన్ మీద ఫోల్డర్ బొమ్మ, దాని మధ్యలో ప్రశ్నార్థకం మినుకు మినుకుమంటుంటే, అంటే స్టార్ట్ కావాల్సిన డిస్క్ దొరకడం లేదంటే, అప్పుడు ఆ నాలుగు కీలు ప్రయత్నించాలి. బటన్ నొక్కిన వెంటనే పట్టుకుని దాదాపు 20 సెకన్లు వదలకూడదు. పాతవాటిలో స్టార్టప్ శబ్దం రెండోసారి వచ్చేదాకా, టీ2 అనే యాపిల్ సొంత చిప్ ఉన్న తర్వాతి ఇంటెల్ మ్యాక్‌లలో యాపిల్ లోగో రెండోసారి వచ్చి పోయేదాకా. ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటే ముందు అది తీసేయాలి, లేకపోతే కీలు పట్టించుకోదు.

ఇప్పుడు మీ మెషీన్ ఏ కాలందో తెలియాలి. ఆన్ కాని మెషీన్‌లో "అబౌట్ దిస్ మ్యాక్" తెరవలేం కదా. తిరగేసి అడుగున చూడండి. చీమ తల అంత అక్షరాలతో A అని మొదలయ్యే నంబరు ఉంటుంది. ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే చదవొచ్చు. ఎయిర్ సంగతే తీసుకుంటే A1466 అని ఉంటే 2012 నుంచి 2017 వరకు వచ్చిన పాత ఇంటెల్ ఎయిర్. A1932 ఉంటే 2018, 2019 ఎయిర్, ఇంటెలే కానీ లోపల టీ2 చిప్ ఉంటుంది. A2179 అంటే 2020 మొదట్లో వచ్చిన ఇంటెల్ ఎయిర్, టీ2తో. A2337 అంటే అదే 2020 చివర్లో ఇంటెల్‌కి బదులు యాపిల్ సొంత ఎం1 చిప్‌తో వచ్చిన ఎయిర్. ఈ చివరి రెండూ పైకి చూస్తే కవల పిల్లలే. "నాది 2020 ఎయిర్" అని ఫోన్‌లో చెబితే నేను ఏ సలహా ఇవ్వను, నంబరు చదవమంటాను.

A1466తో ఒక అనుభవం చెబుతాను. ఫొటోగ్రఫీ చేసే ఒకాయన తెచ్చారు, రాజమండ్రి నుంచి. రాత్రి కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చిందట, పొద్దున చూస్తే మెషీన్ ఉలుకూ పలుకూ లేదు. మర్నాడు పెళ్లి రిసెప్షన్ వీడియో ఇవ్వాలి, మనిషి బాగా టెన్షన్‌లో ఉన్నారు. ఆ మోడల్‌కి ఉండేది మ్యాగ్‌సేఫ్ ఛార్జర్, అయస్కాంతంతో టక్కున అతుక్కుంటుంది. దాని తల మీద చిన్న లైటు ఉంటుంది. ఛార్జ్ అవుతుంటే కాషాయ రంగు, నిండితే ఆకుపచ్చ. ఆయన ఛార్జర్ పెడితే ఏ రంగూ లేదు. ఛార్జర్ పోయిందనుకుని కొత్తది కొనడానికి కూడా సిద్ధపడ్డారు.

నేను ముందు ఛార్జర్ తలలోకి చూశాను. అందులో ఐదు పిన్నులు ఉంటాయి. అటూ ఇటూ ఉన్న నాలుగు కరెంటు కోసం. మధ్యలోది మాట్లాడుకోవడం కోసం. ఛార్జర్ ఏది, ఎన్ని వాట్‌లది అనేది ఆ మధ్య పిన్ను ద్వారానే మెషీన్‌కి తెలుస్తుంది, ఏ లైటు వెలగాలన్న ఆదేశం కూడా మెషీన్ నుంచి అక్కడి గుండానే వస్తుంది. ఆయన ఛార్జర్‌లో ఆ మధ్య పిన్ను నల్లబడి, కొంచెం లోపలికి దిగి ఇరుక్కుని ఉంది. గోడ నుంచి ఛార్జర్ తీసేసి, పొడి బ్రష్‌తో తుడిచి, వేలిగోరుతో మెల్లగా కదిపితే పిన్ను పైకి లేచింది. మళ్లీ పెడితే లైటు వెలిగింది. కానీ మసక ఆకుపచ్చ. బ్యాటరీ ఖాళీగా ఉంటే కాషాయం రావాలి కదా. అంటే కరెంటు అందుతోంది, లెక్క తప్పింది. ఎస్‌ఎంసీ రీసెట్‌కి ఇంతకంటే సరైన సందర్భం ఉండదు.

ఛార్జర్ పెట్టే ఉంచి, కీబోర్డు ఎడమ పక్కన ఉన్న షిఫ్ట్, కంట్రోల్, ఆప్షన్ మూడూ ముందు పట్టుకున్నాను. పట్టుకునే కుడిచేత్తో పవర్ కీ కూడా నొక్కాను. నాలుగూ కలిపి 10 సెకన్లు. అప్పుడు ఛార్జర్ లైటు ఒక్క క్షణం ఆరింది, మళ్లీ వెలిగింది, ఈసారి కాషాయం. ఆ లైటు మారడమే మనకు కనిపించే రుజువు, రీసెట్ లోపలికి చేరిందని. నాలుగూ వదిలేసి, కొద్దిసేపు ఛార్జ్ కానిచ్చి పవర్ నొక్కితే "ఠంగ్" మని ఆ పాత స్టార్టప్ శబ్దం వచ్చింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

ఈ పనిలో అందరూ చేసే పొరపాటు ఒకటి ఉంది. పవర్ కీ ముందు నొక్కి, మిగతా మూడూ తర్వాత నొక్కుతారు. అప్పుడది మామూలుగా ఆన్ చేయడమే అవుతుంది. మూడు కీలు ముందు, పవర్ తర్వాత. ఇంకొకటి, దీనికి బయటి కీబోర్డు పనికిరాదు, లాప్‌టాప్ సొంత కీబోర్డే కావాలి. దాని మీద టీ పోసుకుని కీలు పని చేయకపోతే ఈ రీసెట్ చేయడానికి దారే లేదు. 2009కి ముందు మ్యాక్‌బుక్‌లలాగా బ్యాటరీ ఊడదీసే రకమైతే ఈ కీల గొడవే లేదు: ఛార్జర్, బ్యాటరీ రెండూ తీసి, పవర్ బటన్ 5 సెకన్లు నొక్కి, మళ్లీ పెట్టాలి. ఐమ్యాక్, ఇంటెల్ మినీ లాంటి డెస్క్‌టాప్‌లకు ఇంకా తేలిక. వైరు పూర్తిగా పీకి 15 సెకన్లు ఆగి, పెట్టాక 5 సెకన్లు ఆగి ఆన్ చేయడమే. స్లీప్‌లో పెట్టి ఊరుకుంటే లెక్కలోకి రాదు. వైరు పీకాలి.

టీ2 ఉన్న లాప్‌టాప్‌లలో వాచ్‌మన్ ఉద్యోగం టీ2 చిప్‌కే ఇచ్చారు. 2018 నుంచి 2020 వరకు వచ్చిన ఇంటెల్ ఎయిర్, ప్రోలన్నీ ఇవే. వీటిలో ముందు పవర్ బటన్ ఒక్కటే 10 సెకన్లు నొక్కి వదిలి, కొన్ని సెకన్లు ఆగి మామూలుగా ఆన్ చేయాలి. సగం మెషీన్లు దీనికే లేస్తాయని నా అనుభవం. లేవకపోతే అప్పుడు ఎడమ కంట్రోల్, ఎడమ ఆప్షన్, కుడి షిఫ్ట్. గమనించండి, షిఫ్ట్ ఈసారి కుడిది. ఆ మూడూ 7 సెకన్లు, వదలకుండానే పవర్ కూడా కలిపి ఇంకో 7 సెకన్లు. మధ్యలో మెషీన్ ఆన్ అయిపోతే కంగారుపడి వదిలేయకండి, పట్టుకునే ఉండండి.

ఇప్పుడు ఎం1, దాని తర్వాత వచ్చినవి. ఇక్కడే నాకు బాధ కలిగించే పని మన పిల్లలు చేస్తున్నారు. ఈ మెషీన్లలో విడిగా ఎస్‌ఎంసీ చిప్ లేదు. ఆ పని ప్రధాన చిప్‌లోనే ఒక భాగం చేస్తుంది. చేత్తో నొక్కే ఎస్‌ఎంసీ రీసెట్ వీటికి యాపిల్ ఇవ్వలేదు, ఎన్‌వీరామ్ కీల కలయిక కూడా లేదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి ఓ 30 సెకన్లు వదిలేసి మళ్లీ ఆన్ చేయడమే. ఎన్‌వీరామ్ చెరిపే కమాండ్ ఒకటి టెర్మినల్‌లో ఉంది:

```
sudo nvram -c
```

కానీ ఇది నడవాలంటే మెషీన్ ఆన్‌లో ఉండాలి కదా, కాబట్టి ఇవాళ్టి మన సమస్యకు పనికిరాదు.

కిందటేడు ఒక అమ్మాయి ఎం1 ఎయిర్ తెచ్చింది, ఎడిటింగ్ నేర్చుకుంటోంది. సెలవులకి ఊరెళ్లి రెండు నెలలు మెషీన్ తెరవలేదు. వచ్చి చూస్తే ఆన్ కాలేదు. ఛార్జర్ పెట్టి ఐదు నిమిషాలు చూసింది, రాలేదు. ఏదో వీడియో చూసి టీ2 వాళ్ల కీలు, ఎడమ కంట్రోల్, ఎడమ ఆప్షన్, కుడి షిఫ్ట్, పవర్, ఇంకొంచెం గట్టిగా ఇంకొంచెం ఎక్కువసేపు పట్టుకుంది. ఆ తర్వాత గంట ఛార్జ్ చేసినా ఏమీ రాలేదు. అప్పుడు తెచ్చింది.

నాకు అనుమానం వచ్చి నా మ్యాక్‌కి టైప్‌-సీ కేబుల్‌తో కలిపాను. ఎడమవైపు వెనక ఉన్న పోర్టులో పెట్టాలి, ఆ మోడల్‌కి అదే. నా ఫైండర్ పక్క పట్టీలో ఆ మెషీన్ ప్రత్యక్షమైంది, డీఎఫ్‌యూ మోడ్‌లో ఉందని. చూడండి, ఎక్కడ చిక్కుందో. టీ2 ఎస్‌ఎంసీ రీసెట్‌కి వాడే ఆ నాలుగు కీలే, ఎం1 లాప్‌టాప్‌లలో డీఎఫ్‌యూ మోడ్‌కి తీసుకెళ్లే కీలు. 10 సెకన్లు నాలుగూ పట్టుకుని, మూడు వదిలి, పవర్ ఒక్కటే పట్టుకుంటే మెషీన్ ఫర్మ్‌వేర్ ఎక్కించుకోవడానికి ఎదురుచూసే స్థితికి వెళ్లిపోతుంది. స్క్రీన్ మొత్తం నలుపు. బయటినుంచి చూసేవాళ్లకి చచ్చిపోయిన మెషీన్‌కీ దానికీ తేడా తెలియదు. పాపం, అసలు జబ్బు ఖాళీ బ్యాటరీ. ఛార్జర్ పెట్టి అరగంట ఊరుకుంటే లేచేది. మందు వేసి జబ్బు ముదిరింది.

బయటపడటం కష్టం కాదు. కేబుల్ తీసేసి పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆ స్థితి వదిలి ఆఫ్ అవుతుంది. తర్వాత మామూలుగా ఒకసారి నొక్కాను, లోగో వచ్చింది. ఆ గంట ఛార్జింగ్‌లో బ్యాటరీ కోలుకునే ఉంది. ఆ అమ్మాయి ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి. నా మ్యాక్‌లో ఆ మెషీన్ కనిపించినప్పుడు రెండు బటన్లు వచ్చాయి, ఒకటి Revive Mac, ఇంకొకటి Restore Mac. మొదటిది ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కిస్తుంది, మీ ఫైళ్ల జోలికి పోదు. రెండోది మొత్తం తుడిచేస్తుంది. తొందరలో రెండోది నొక్కితే ఆ అమ్మాయి ఆరు నెలల పని పోయేది. ఈ సదుపాయం ఫైండర్‌లో మ్యాక్‌ఓఎస్ 14 సోనోమా నుంచి ఉంది, అంతకుముందు వెర్షన్ అయితే యాపిల్ కాన్ఫిగరేటర్ అనే యాప్ వాడాలి.

రివైవ్ నిజంగా అవసరమయ్యే సందర్భాలు ఉన్నాయి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఫర్మ్‌వేర్ సగంలో ఆగితే, లేదా స్క్రీన్ మీద గుండ్రం లోపల ఆశ్చర్యార్థకం కనిపిస్తే అదే దారి. టీ2 మ్యాక్‌లకూ ఈ వైద్యం ఉంది. 2021లో మోంటెరే అప్‌డేట్ తర్వాత కొన్ని టీ2 మెషీన్లు స్టార్ట్ కాలేదు, టీ2 ఫర్మ్‌వేర్‌లోనే లోపం ఉందని యాపిల్ ఒప్పుకుని సరిచేసింది. అప్పుడు అలాంటి ఒక మెషీన్‌ని నా బల్ల మీద రివైవ్ చేశాను, కొద్ది నిమిషాల్లో లేచింది. దానికి ఎస్‌ఎంసీ రీసెట్ ఎన్నిసార్లు చేసినా లేచేది కాదు.

ఇక వీటన్నిటికీ లేవని మెషీన్ ఉంటుంది. టైప్‌-సీ ఛార్జర్‌కీ మెషీన్‌కీ మధ్య పెట్టే చిన్న మీటరు దొరుకుతుంది, వోల్టేజీ చూపిస్తుంది. ఛార్జర్, మెషీన్ ఒకదాన్నొకటి గుర్తుపడితే అది 5 వోల్టుల నుంచి పైకి, మామూలుగా 20 వోల్టులకి ఎక్కుతుంది. వేరే ఛార్జర్, వేరే కేబుల్, వేరే పోర్టు మార్చి చూసినా 5 దగ్గరే ఆగిపోతుంటే బోర్డు మీద పవర్ భాగం చూడాల్సిందే. అక్కడ కీలతో జరిగేది ఏమీ లేదు, ఎన్నిసార్లు నొక్కినా మీ వేళ్లే నొప్పెడతాయి.

ఏంటమ్మా, అడుగు.

(శ్రోత: బోర్డే పోతే లోపల ఉన్న ఫుటేజీ తీయొచ్చా అండీ?)

మంచి ప్రశ్న. A1466 అయితే తీయొచ్చు. అందులో ఎస్‌ఎస్‌డీ ఒక చిన్న బిస్కెట్ ముక్కలా విడిగా ఉంటుంది, ఒక స్క్రూ విప్పితే ఊడుతుంది. సరైన అడాప్టర్‌లో పెట్టి వేరే మ్యాక్‌కి కలిపితే ఫైళ్లు కనిపిస్తాయి, ఫైల్‌వాల్ట్ అనే డిస్క్ తాళం పెట్టుకుని ఉంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. టీ2 ఉన్న ఎయిర్‌లలో, ఎం సిరీస్ ఎయిర్‌లలో స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటుంది. పైగా అందులో ఉన్నదంతా ఆ చిప్‌లోనే ఉండే తాళంతో లాక్ అయి ఉంటుంది. స్టోరేజీ ముక్కలు ఊడదీసి వేరేచోట పెట్టినా తెరుచుకోవు. ఆ బోర్డునే కనీసం ఒక్కసారి బతికించగలిగితేనే ఫుటేజీ బయటికి వస్తుంది. కాబట్టి అలాంటి మెషీన్ తెచ్చేటప్పుడు రిపేర్ చేసేవాళ్లకి మొదటి మాటగా "నాకు డేటా కావాలి" అని చెప్పండి. అలా చెబితే మేం బోర్డు మార్చే ఆలోచన పక్కన పెట్టి, పాత బోర్డు మీదే పని మొదలుపెడతాం.